“మీ ఇంట్లో అడిగావా?”

విడిపోయిన కొన్ని నెలలకు చాలామంది రాసుకునే మెసేజ్ దాదాపు ఒకేలా ఉంటుంది. “నేనేం తప్పు చేశాను? ఒక్కసారి నిజం చెప్పు చాలు.” దానికి వచ్చే జవాబు కూడా ఇంచుమించు ఒకటే. “నీ తప్పేం లేదు. నువ్వు చాలా మంచిదానివి. మన టైమ్ బాలేదు, అంతే.” అడిగినవాళ్లకు ఈ జవాబు అబద్ధంలా వినిపిస్తుంది. రాత్రంతా దాన్నే తిరగేసి చదువుతారు. మర్నాడు ఇంకో ప్రశ్న పంపుతారు. అటునుంచి బ్లాక్ చేస్తారు.

జవాబు చెప్పిన మనిషి దుర్మార్గుడు కానక్కర్లేదు. ఆ ప్రశ్నకు నిజమైన జవాబు చెప్పడం ఎవరికైనా కష్టమే. ‘నేనేం తప్పు చేశాను’ అని అడిగితే, అవతలి మనిషి మీ లోపాల చిట్టా చదవాలి, లేదా అసలు లోపాలే లేవని బుకాయించాలి. కాస్త మర్యాద ఉన్నవాళ్లు రెండోదాన్నే ఎంచుకుంటారు.

‘ఎందుకు’ అన్న ప్రశ్నలోనే ఇంకో చిక్కుంది. 1977లో రిచర్డ్ నిస్బెట్, తిమొతీ విల్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక వ్యాసం ప్రచురించారు. అందులో ఒక ప్రయోగం ఉంది. ఒక బల్ల మీద నాలుగు జతల మేజోళ్లు వరుసగా పెట్టి, వీటిలో ఏది బాగుందని అటుగా వచ్చినవాళ్లను అడిగారు. అన్నిటికన్నా ఎక్కువమంది కుడి చివర ఉన్నదాన్నే ఎంచుకున్నారు. కారణమేమిటంటే నేత బాగుందన్నారు, నాణ్యత బాగుందన్నారు. నిజానికి నాలుగూ ఒకే రకం. వస్తువు పెట్టిన చోటు తమ ఎంపికను ప్రభావితం చేసిందని ఎవరూ తమంతట తాము చెప్పలేదు, అడిగినా దాదాపు ఎవరూ ఒప్పుకోలేదు. మేజోళ్లు ఎందుకు నచ్చాయో చెప్పడంలోనే మనిషి ఇంత పొరబడితే, నాలుగేళ్ల ప్రేమ ఎందుకు సన్నగిల్లిందో సరిగ్గా చెప్పగలడా? నిజాయితీగా చెప్పాలనుకున్నా తనకు తోచిన కథే చెబుతాడు. రాబర్ట్ వైస్ అనే సామాజిక శాస్త్రవేత్త విడిపోయిన దంపతుల గురించి 1975లో పుస్తకం రాశారు. ప్రతివాళ్లూ ఏం జరిగిందో తమకు తాము ఒక కథ అల్లుకుంటారనీ, ఆ ఇద్దరి కథలు ఒకదానితో ఒకటి పెద్దగా కలవవనీ ఆయన గమనించారు.

అయితే ఎవరూ ఏమీ అడగకూడదా? అడగొచ్చు. కాకపోతే అవతలి మనిషికి ఖాయంగా తెలిసినదాన్నే అడగాలి. తన మనసు ఎందుకు మారిందో అతనికి స్పష్టంగా తెలియకపోవచ్చు. కానీ ఎప్పుడు నిర్ణయించుకున్నాడో, ఏ విషయం దాచాడో, ఎవరికి ఏం చెప్పాడో, ఏం చెప్పలేదో తెలుసు. అవి జరిగిన సంగతులు. డయాన్ వాన్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త జంటలు విడిపోయే తీరు మీద 1986లో ఒక పుస్తకం రాశారు. వందమందికి పైగా మనుషులతో మాట్లాడి ఆమె తేల్చిన మొదటి విషయం, విడిపోవడం ఒక రహస్యంతో మొదలవుతుందని. వెళ్లిపోయే మనిషి తన అసంతృప్తిని చాలాకాలం పైకి చెప్పకుండా లోపలే పెట్టుకుంటాడు. అవతలివాళ్లకు విషయం తెలిసేనాటికి అతను మానసికంగా ఎంతో దూరం వెళ్లిపోయి ఉంటాడు. మిగిలిపోయినవాళ్లను నిజంగా వేధించేది ఈ దాచిన కాలమే. ఆ చివరి ఏడాది మన మధ్య ఉన్నది ప్రేమా, నటనా? ఈ సందేహానికి జవాబు ఉంది, అతను చెప్పగలడు కూడా.

మన దగ్గర ఈ దాచిన కాలానికి తరచుగా ఒకే మాట ముసుగు వేస్తారు: “ఇంట్లో ఒప్పుకోవట్లేదు.” కులం వేరైనప్పుడు, మతం వేరైనప్పుడు, ఆస్తిలో తేడా ఉన్నప్పుడు ఈ మాట చాలాసార్లు అక్షరాలా నిజం. ఇంట్లో అడిగి, గొడవపడి, అమ్మ మంచమెక్కితే ఓడిపోయినవాళ్లు ఉన్నారు. ఇంట్లో అసలు నోరే విప్పకుండా ఆ మాట చెప్పినవాళ్లూ ఉన్నారు. మిగిలిపోయిన అమ్మాయికి ఈ రెండూ ఒకటి కావు. ఒకచోట తన కోసం పోరాడి ఓడిన మనిషి ఉన్నాడు, ఇంకోచోట పోరాటమే జరగలేదు.

ఒక ఉదాహరణ అనుకుందాం. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకునే అమ్మాయి, చదువుకునే రోజుల నుంచి పరిచయమున్న అబ్బాయి. నాలుగేళ్ల ప్రేమ. అతనికి పూనే బదిలీ అయింది. ఏడాది తిరిగేసరికి ఫోన్లు తగ్గాయి. మార్చిలో ఒకరోజు, “ఇంట్లో ఒప్పుకోవట్లేదు, మర్చిపోదాం” అన్నాడు. ఆగస్టులో ఆమె మెసేజ్ రాయడానికి కూర్చుంది. మొదట రాసింది ఇది:

“ఇన్నాళ్లూ ఆగాను. నువ్వెందుకిలా చేశావో నాకింకా అర్థం కాలేదు. నేనేం తక్కువ చేశాను? మీ అమ్మ ఆపరేషనప్పుడు హాస్పిటల్లో ఉన్నది నేనే కదా. ఒక్కసారి కలువు, ప్లీజ్. నువ్వు చెప్పేది విన్నాక నీ జోలికి రాను.”

చదివితే జాలేస్తుంది. కానీ ఇందులో ప్రతి వాక్యం జవాబుకు అడ్డుపడుతోంది. ‘ఇలా చేశావో’ అనగానే అతను ముద్దాయి అయిపోయాడు, ఇక సమర్థించుకోవడం మొదలుపెడతాడు. ‘నేనేం తక్కువ చేశాను’ అంటే తనను తాను తీర్పుకు నిలబెట్టుకుంది. ఆపరేషన్ మాట పాత బాకీ గుర్తుచేస్తోంది. అది చదివినవాడికి సిగ్గేస్తుంది, సిగ్గుపడ్డ మనిషి నిజం చెప్పడానికి ముందుకు రాడు, పారిపోతాడు. ‘ఒక్కసారి కలువు, ప్లీజ్’ అన్నది జవాబు కోసమా, మనిషి కోసమా అన్నది ఆమెకే తెలియదు. అన్నిటికన్నా చివరి వాక్యం బరువైనది. చెప్పేదాకా వదలనన్న అర్థం అందులో ఉంది. ఆమె ఆ ఉద్దేశంతో రాయలేదు, కానీ అతనికి వినిపించేది అదే.

ఆ రాత్రి పంపకుండా, కొన్నాళ్ల తర్వాత ఆమె మళ్లీ రాసింది:

“బాగున్నావనుకుంటాను. మనం మళ్లీ కలవాలని రాయడం లేదు. ఒక్క విషయం తెలిస్తే నాకు సాయంగా ఉంటుంది. మార్చిలో ఇంట్లో ఒప్పుకోవట్లేదన్నావు. అప్పటికి నా గురించి మీ ఇంట్లో అడిగావా? అడగకపోయినా పరవాలేదు, ఉన్నది ఉన్నట్టు చెప్పు. నేను తిరిగి వాదించను, ఎవరికీ చెప్పను. చెప్పడం ఇష్టం లేకపోతే జవాబివ్వకు. మళ్లీ అడగను.”

ఇందులో ప్రశ్న ఒక్కటే. దానికి అవును, కాదు అని ఒక్క మాటలో జవాబు చెప్పొచ్చు. తిరిగి కలిసే ఉద్దేశం లేదన్న మాట మొదట్లోనే ఉంది కాబట్టి చదివేవాడు దాని వెనక ఏముందోనని వెతుక్కోడు. కష్టమైన జవాబును ఆమె తనే ముందుగా పేరుపెట్టి చెప్పింది, ‘అడగకపోయినా’ అని. దాంతో ఒప్పుకోవడం అతనికి సగం సులువైంది. వాదించనన్న హామీ అసలైనది. చాలామంది నిజం చెప్పకపోవడానికి కారణం నిజం కాదు, దాని తర్వాత రెండు గంటలు సాగే వాదన.

“అడగలేదు,” అని రెండు రోజులకు జవాబొచ్చింది. “మా పెద్దనాన్న కూతురి పెళ్లప్పుడు జరిగిన గొడవ చూశాక అడిగే ధైర్యం రాలేదు. పూనే వచ్చినప్పుడే అర్థమైంది నావల్ల కాదని. నీకు చెప్పలేక ఏడాది లాగాను. సారీ.”

ఇది చదివిన ఏ అమ్మాయికైనా వెంటనే పది ప్రశ్నలు పుడతాయి. మరి ఆ ఏడాదిలో ఇల్లు చూద్దామంటే ఊ ఎందుకన్నావు? ఇప్పుడైనా అడగొచ్చు కదా? ఆ ప్రశ్నల్లో ఏ ఒక్కటి పంపినా ఇచ్చిన హామీ పోతుంది. “చెప్పినందుకు థ్యాంక్స్. ఇది తెలియడం నాకు అవసరం” అని రాసి అక్కడితో ఆపేయాలి. జవాబు మంచిదా చెడ్డదా అన్నది వేరే విషయం. తనలో ఏ లోపం వల్ల ఇదంతా జరిగిందోనని ఐదు నెలలుగా వెతుకుతున్న మనిషికి, జరిగింది తన లోపం గురించి కాదని తెలిసింది. అతని పిరికితనం మీద కోపం వస్తుంది. రానివ్వండి. ఆ కోపానికి ఇప్పుడు సరైన చిరునామా ఉంది.

పంపే ముందు చేయాల్సిన పరీక్ష ఒకటుంది. రాగల జవాబులు మూడు కాగితం మీద రాసుకోవాలి. “అవును, వేరే అమ్మాయి ఉంది.” “నీ మీద ప్రేమ పోయింది, కారణం తెలియదు.” మూడోది మౌనం, రెండు నీలం గీతలు మాత్రమే. మర్నాడు పొద్దున చదివితే ఏదో ఒకదానికి మనసులో ఎదురుమాట సిద్ధంగా ఉంటే, కోరుకుంటున్నది జవాబు కాదు, ఇంకో అవకాశం. అప్పుడు పంపకూడదు. అతని నిశ్చితార్థం ఫొటో చూసిన రాత్రి అసలే వద్దు. అతనికి పెళ్లయిపోయి ఉంటే, నా అభిప్రాయంలో, ఆ ప్రశ్నకు కాలం దాటిపోయినట్టే. ఆ ఫోన్ ఇంకొకరి చేతిలో కూడా ఉండొచ్చు. చెల్లెలి ద్వారానో, స్నేహితుడి ద్వారానో అడిగించడం కూడా తప్పే, జవాబు చెప్పేవాడికి సాక్షులు పెరుగుతారు. కొట్టిన మనిషినీ, బెదిరించిన మనిషినీ ఏమీ అడగకూడదు. అక్కడ ప్రతి మెసేజ్ తలుపు మళ్లీ తెరుస్తుంది.

అబ్బాయిలు అడిగేటప్పుడు ఇంకో హద్దు ఉంది. ఆసక్తి లేదని అమ్మాయి స్పష్టంగా చెప్పాక కూడా పదేపదే సంప్రదించడం భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద వెంటాడటమనే నేరం. మొదటిసారికే మూడేళ్ల వరకు జైలు పడొచ్చు. చట్టాన్ని పక్కన పెట్టినా, తిరస్కరణను సహించలేని మగవాళ్ల చేతుల్లో ఎంతమంది అమ్మాయిలు బలయ్యారో తెలుగు పత్రికలు చదివేవాళ్లకు తెలుసు. అందుకే అబ్బాయి మెసేజ్ ఎంత మర్యాదగా ఉన్నా చదివే అమ్మాయికి ముందు భయం కలుగుతుంది. తను బ్లాక్ చేసి ఉంటే జవాబు ఇచ్చేసినట్టే. కొత్త నంబర్ నుంచి అడగడానికి ఇక ఏమీ మిగల్లేదు.

జవాబు రాకపోతే? చాలామంది అప్పుడు డైరీ తీసి, ఎందుకు జరిగిందని పేజీలు పేజీలు రాస్తారు. ఇది అందరికీ మేలు చేయదు. అరిజోనా విశ్వవిద్యాలయంలో డేవిడ్ స్బారా బృందం కొత్తగా విడిపోయిన భార్యాభర్తలతో రాయించి చూసి, 2013లో ఫలితాలు ప్రచురించింది. జరిగినదానికి అర్థం కోసం లోపల విపరీతంగా వెతుక్కునేవాళ్లు మనసులోని బాధంతా రాస్తే, రోజువారీ పనుల గురించి మాత్రమే రాసినవాళ్ల కన్నా నెలల తర్వాత ఎక్కువ బాధలో కనిపించారు. కాబట్టి జవాబు రానివాళ్లు అతని తరఫున తామే జవాబు కల్పించి రాసుకోవడం ఆపాలి. ఖాయంగా తెలిసినవి మాత్రం ఒకచోట రాసుకుంటే చాలు: అతను ఫలానా రోజు వద్దన్నాడు, కారణం అడిగాను, చెప్పలేదు.

ఇలాంటి మెసేజ్ అందుకున్నవాళ్లకు కూడా ఒక మాట. అడిగింది ఒక్కటైతే ఆ ఒక్కదానికే చెప్పండి, నిజం చెప్పండి. వేరే మనిషి ఉంటే ఉన్నారని చెప్పండి. ఇంట్లో అడగకపోతే అడగలేదని చెప్పండి. అవతలి మనిషి రూపం గురించో, స్వభావం గురించో ఇప్పుడు వ్యాఖ్యానించనక్కర్లేదు, అడిగినా చెప్పనక్కర్లేదు. చివర్లో “నీకు నాకన్నా మంచివాడు దొరుకుతాడు” అని చేర్చకండి. ఆ వాక్యం రాసినవాళ్లకు తప్ప ఎవరికీ ఊరట ఇవ్వదు.