గుండె దడ ఎంత ఉండాలి?

ఫైనల్ ముందు గుండె దడదడలాడితే భయపడకండి. ఒళ్లు పనికి సిద్ధమవుతోందన్నమాట. కానీ ఆ ఉద్రేకం ఎంత ఉండాలన్నది పనిని బట్టి మారుతుంది. 1908లో యెర్క్స్, డాడ్సన్ ఎలుకలపై చేసిన ప్రయోగాల్లో, పని కష్టమైనప్పుడు తేలికపాటి షాక్‌తోనే అవి త్వరగా నేర్చుకున్నాయి.

బరువులెత్తేవారికి ఉద్రేకం కాస్త ఎక్కువైనా ఫర్వాలేదు. గురిచూసే షూటర్‌కు అదే చేయి వణికిస్తుంది. లెక్కల పరీక్ష షూటింగ్ లాంటిదే. హద్దు దాటితే దృష్టి ఇరుకవుతుంది: ప్రశ్నలో ‘కానిది’ అన్న మాట కంటపడదు, ఒకే వాక్యాన్ని మళ్లీ మళ్లీ చదువుతారు. అప్పుడు పెన్ను పక్కనపెట్టి, పీల్చినదానికంటే నెమ్మదిగా నాలుగైదుసార్లు ఊపిరి వదలండి. గుండె వేగం తగ్గుతుంది. మరీ మందకొడిగా ఉంటే మాత్రం హాల్లోకి వెళ్లేముందు చురుగ్గా నడవాలి.