ముందు వారం చార్టు, చివర్లో గంట చార్టు

గంట చార్టులో షేరు చక్కగా లేస్తోందని కొంటాం. మర్నాడే పడిపోతుంది. అప్పుడు వారం చార్టు తీసి చూస్తే అసలు సంగతి తెలుస్తుంది: అది నెలల తరబడి దిగుతున్న షేరు. మనం కొన్నది ఆ దిగుడులో కాసేపు ఆగిన చోట.

న్యూయార్క్‌లో మానసిక వైద్యుడిగా పనిచేసి ట్రేడరైన అలెగ్జాండర్ ఎల్డర్ ఈ చిక్కుకు 1986లో ట్రిపుల్ స్క్రీన్ అనే పద్ధతి ప్రచురించాడు. ఇందులో మూడు జల్లెడలున్నాయి. వారం చార్టు దిశ చెబుతుంది. రోజు చార్టు ఆ దిశకు ఎదురుగా వచ్చిన తగ్గుదలను చూపిస్తుంది. మూడోచోట ఆయన వేరే చార్టేమీ అడగలేదు, నిన్నటి గరిష్ఠ ధర దాటితే కొనమన్నాడు. ఇప్పుడు చాలామంది అక్కడ గంట చార్టు పెట్టుకుంటున్నారు.

ఒక షేరు ఊహించుకుందాం. వారం చార్టులో 26 వారాల సగటు గీత పైకి వాలి ఉంది, ధర దాని పైనే ఉంది. కాబట్టి కొనుగోలు తప్ప మరో ఆలోచన వద్దు. రోజు చార్టులో 560 నుంచి ఆరు రోజుల్లో 522కి దిగింది. చాలామంది ఇక్కడే తొందరపడి కొంటారు, కానీ తగ్గుదల ఆగిందన్న ఆధారం ఇంకా రాలేదు. గంట చార్టులో 519 తాకి 527కి లేచింది, మళ్లీ దిగినా 522 దగ్గరే నిలబడింది. తర్వాత ఒక గంట 527 పైన, 529లో ముగిసింది. అదీ ప్రవేశం. స్టాప్‌లాస్ 518, అంటే షేరుకు 11 రూపాయల రిస్కు. లక్ష రూపాయల్లో వెయ్యి మాత్రమే పోగొట్టుకోగలనంటే 90 షేర్లు చాలు. పాత గరిష్ఠం 560 దాకా వెళ్తే షేరుకు 31 రూపాయలు వస్తాయి.

ఎక్కువమంది తప్పేది వరుసలో. ముందు గంట చార్టులో మనసు పారేసుకుని, తర్వాత వారం చార్టును సాక్ష్యానికి పిలుస్తారు. ఆశతో చూసే కంటికి అడ్డంగా పోయే గీత కూడా ఎక్కుతున్నట్టే కనిపిస్తుంది. నా మటుకు శనివారం, మార్కెట్ లేనప్పుడు, ఒక్కో షేరు పక్కన ‘పైకి’, ‘కిందికి’, ‘తెలియదు’ అని రాసుకుంటాను. ‘తెలియదు’ అన్నవాటి గంట చార్టు ఆ వారం తెరవను.

శనివారమే ఎందుకంటే, వారం క్యాండిల్ శుక్రవారం ముగిసేదాకా పూర్తికాదు. మంగళవారం పచ్చగా ఉన్నది శుక్రవారానికి ఎర్రబడవచ్చు. గంట చార్టులోనూ ఇలాంటి మెలికే ఉంది. మన మార్కెట్ 9:15కి తెరిచి 3:30కి మూస్తుంది కాబట్టి, 3:15కి మొదలయ్యే ఆఖరి ‘గంట’ క్యాండిల్ నిజానికి పావుగంటదే. అది 527 దాటి ముగిసినా నేను లెక్కలోకి తీసుకోను. మర్నాడు 10:15 దాకా ఆగుతాను.

ఇంత చేసినా ఒక లోటు తప్పదు. పెద్ద ట్రెండ్ తిరగబడినప్పుడు వారం సగటు ఆలస్యంగా ఒంగుతుంది. ఆ మధ్యకాలంలో మూడు చార్టులూ ఒప్పుకున్న కొనుగోళ్లు కూడా వరసగా స్టాప్‌లాస్‌కు తగులుతాయి. రెండుసార్లు అలా జరిగితే ఆ షేరు పక్కన ‘తెలియదు’ అని మార్చేస్తాను.