వంచు, చూడు, గుంజు, బిగించు, పైన తగిలించు

హైదరాబాద్ శివార్లలో అపార్ట్‌మెంట్లు కట్టే పెద్ద సైట్లలో పొద్దున్నే పని మొదలయ్యే ముందు పది నిమిషాల పాటు అందరినీ ఒకచోట నిలబెట్టి మాట్లాడతారు. దీన్నే టూల్‌బాక్స్ టాక్ అంటారు. ఆ రోజు పనిలో ప్రమాదం ఎక్కడ పొంచి ఉందో సూపర్‌వైజరో, సేఫ్టీ ఆఫీసరో చెబుతారు. వినేవాళ్లలో శ్రీకాకుళం, పాలమూరు వాళ్లుంటారు, ఒడిశా, బిహార్ కూలీలూ ఉంటారు. కాగితం చూసి గబగబా చదివితే అది ఎవరి తలకూ ఎక్కదు. రిజిస్టర్‌లో సంతకాలు మాత్రం పడతాయి. ఎత్తులో పని ఉన్న రోజున అందరూ గొంతెత్తి పలుకుతూ, చేతులతో చేసి చూసుకునే ఐదు మాటలే మేలు: వంచు, చూడు, గుంజు, బిగించు, పైన తగిలించు.

సైట్‌లో సేఫ్టీ బెల్ట్ అని పిలిచే హార్నెస్‌కు భుజాల మీదుగా, తొడల చుట్టూ పట్టీలుంటాయి. వీపు మీద, రెండు భుజాల మధ్య ఇనుప రింగు ఉంటుంది. మనిషిని ఆపేది ఆ పట్టీలే కాబట్టి మొదటి మాట ‘వంచు’. పట్టీని రెండు చేతులా జానెడు దూరంలో పట్టుకుని విల్లులా వంచితే పైనున్న పోగులు విచ్చుకుంటాయి. చదునుగా ఉన్నప్పుడు కనిపించని కోత అప్పుడు బయటపడుతుంది. ఇలా పట్టీ పొడవునా వంచుకుంటూ పోవాలి. ‘చూడు’ అంటే కుట్లు ఊడాయా, రింగు వంగిందా, తుప్పు పట్టిందా అని చూడటం. వెల్డింగ్ రవ్వలు పడితే నైలాన్ కరిగి, వేలికి గట్టిగా, నున్నగా తగులుతుంది. ఆ మచ్చ ఎంత చిన్నదైనా బెల్ట్ పక్కన పెట్టేయాల్సిందే.

‘గుంజు’ బకిల్ కోసం. క్లిక్‌మన్న చప్పుడు విని వదిలేయకూడదు. లోపల సిమెంటు పొడి చేరితే సగమే పట్టి ఊరుకుంటుంది. గట్టిగా లాగితేనే అసలు సంగతి తేలుతుంది. ‘బిగించు’ ముఖ్యంగా తొడ పట్టీల కోసం. ఉక్కగా ఉందనో, కూర్చోవడానికి అడ్డమనో చాలామంది వీటిని వదులుగా వదిలేస్తారు. పట్టీకీ తొడకీ మధ్య అరచెయ్యి చదునుగా దూరాలి, పిడికిలి దూరకూడదు. వీపు మీది రింగు ఎవరికీ వాళ్లకు కనిపించదు కాబట్టి ఇద్దరిద్దరు జతకట్టాలి. ‘‘అన్నా, రింగు కిందికి జారింది, తిరుగు’’ అని పక్కవాడు అనగలగాలి. నా దృష్టిలో ఈ పది నిమిషాల్లో అన్నిటికన్నా విలువైన మాట అదే.

ఇక ‘పైన తగిలించు’. ఎక్కువ పొరపాట్లు ఇక్కడే జరుగుతాయి. బెల్ట్ తొడుక్కున్నాడు, హుక్కూ వేశాడు, కానీ కాళ్ల దగ్గరి పైపుకి వేశాడు. లెక్క చూద్దాం. అతను నేలకు 5 మీటర్ల ఎత్తున చెక్క మీద నిలబడ్డాడు. తాడు 1.8 మీటర్లు. వీపు మీది రింగు పాదాలకు దాదాపు 1.5 మీటర్ల పైన ఉంటుంది. కాలు జారితే ఆ రింగు ముందు పైపు దాకా 1.5, దాటాక తాడు పొడవునా 1.8, మొత్తం 3.3 మీటర్లు పడుతుంది. అప్పుడు కుదుపు తగ్గించే షాక్ అబ్జార్బర్ తెరుచుకుంటుంది. అది 1.75 మీటర్ల దాకా సాగవచ్చు. అంటే పాదాలు 5.05 మీటర్లు దిగుతాయి. తాడు పూర్తిగా ఆపేలోపే నేల తగులుతుంది.

అదే హుక్కు తలకు పైన, పాదాల నుంచి 2 మీటర్ల ఎత్తున వేశాడనుకుందాం. మొదటి పతనం 1.3 మీటర్లే. అబ్జార్బర్ మొత్తం సాగినా పాదాలు దిగేది 3.05 మీటర్లు. కింద ఇంకా దాదాపు 2 మీటర్ల ఖాళీ మిగులుతుంది. ఒకచోటి నుంచి మరోచోటికి కదిలేటప్పుడు రెండు తాళ్ల బెల్ట్ ఉండాలి. ముందు రెండో హుక్కు వేసి, ఆ తర్వాతే మొదటిది తీయాలి.

తాడు ఆపినంత మాత్రాన గండం గడిచినట్టు కాదు. కదలకుండా వేలాడే మనిషికి రక్తం కాళ్లలోనే నిలిచిపోయి కొన్ని నిమిషాల్లోనే స్పృహ తప్పవచ్చు. అందుకే పని మొదలుకాకముందే, పడితే ఎవరు దింపాలి, నిచ్చెన ఎక్కడుంది అన్నవి ఆ టాక్‌లోనే తేల్చుకోవాలి. మేస్త్రీలకూ కాంట్రాక్టర్లకూ ఒక విన్నపం. ఒకసారి మనిషిని ఆపిన బెల్ట్, పైకి కొత్తదిలా కనిపించినా మళ్లీ పనికిరాదు. దాన్ని స్టోరుకు పంపకండి. ఇంకెవరూ తొడుక్కోకుండా అక్కడికక్కడే పట్టీలు కోసి పారేయండి.