మంట తీర్చే తొట్టి: సిట్జ్ బాత్ సరిగ్గా ఎలా చేయాలి?

మలద్వారం దగ్గర చీలిక వచ్చినవాళ్లు చెప్పే బాధలో ఒక విచిత్రం ఉంటుంది. దొడ్డికి వెళ్లేటప్పుడు కత్తితో కోసినట్టు ఉంటుంది, అది అర్థమయ్యే నొప్పే. కానీ అంతా అయిపోయి బయటికి వచ్చాక, అసలు బాధ అప్పుడు మొదలవుతుంది. గంట, రెండు గంటలు కుర్చీలో కూర్చోనివ్వదు, నిలబడనివ్వదు. గాయం చూస్తే చిన్నదే, అర అంగుళం కూడా ఉండదు. మరి అంతసేపు నొప్పి ఎందుకు?

కారణం గాయం కాదు, దాని కింద ఉన్న కండరం. మలద్వారం చుట్టూ ఉంగరంలా ఒక కండరం ఉంటుంది. దాని లోపలి భాగం మన మాట వినదు, తనంతట తానే బిగుసుకుని ఉంటుంది. చీలిక పడగానే ఆ కండరం ఇంకా గట్టిగా ముడుచుకుంటుంది. అలా బిగిసిపోవడమే నొప్పి. బిగిసిన చోట రక్తం సరిగ్గా పారదు కాబట్టి గాయమూ త్వరగా మానదు. మానని గాయం మీద మర్నాడు మళ్లీ గట్టి మలం రాసుకుంటుంది, కండరం మళ్లీ బిగుస్తుంది. డాక్టర్లు ఫిషర్ అనేది దీన్నే. చాలామంది దీన్ని మొలలు అనుకుని ఏళ్ల తరబడి మొలల మందే వాడుతుంటారు.

సిట్జ్ బాత్ పని చేసేది ఈ బిగుతు మీద. నడుము కింది భాగం మాత్రం మునిగేలా గోరువెచ్చని నీళ్లలో కూర్చోవడమే సిట్జ్ బాత్. 1986లో కొందరు ఇటలీ డాక్టర్లు ఇలాంటి నొప్పి ఉన్నవాళ్లను 5, 23, 40 డిగ్రీల నీళ్లలో కూర్చోబెట్టి కండరం ఒత్తిడి కొలిచారు. చల్లటి నీళ్లలో మార్పు లేదు, 40 డిగ్రీల దగ్గర మాత్రం ఒత్తిడి తగ్గింది. తర్వాత జరిగిన పరిశీలనలన్నిటిలోనూ ఇంత స్పష్టమైన తేడా రాలేదన్నదీ నిజమే. గాయాన్ని ఈ స్నానం త్వరగా మాన్పుతుందని గట్టిగా చెప్పే రుజువు కూడా లేదు. నొప్పి సడలడం, కూర్చోగలగడం, మర్నాటి విరేచనానికి భయపడకపోవడం, దీనివల్ల దక్కేది ఇదే. ఆ బాధ పడినవాళ్లకు అది చిన్న విషయం కాదు.

ఇక్కడ ఒక సందేహం తీర్చాలి. ప్రకృతి వైద్యంలో కటి స్నానం అని ఒకటుంది. జర్మనీకి చెందిన లూయీ కూనే ప్రచారం చేసిన పద్ధతి అది, అందులో నీళ్లు చల్లగా ఉంటాయి. తొట్టి ఒకటే కావచ్చు, ఉద్దేశం వేరు. ఫిషర్ ఉన్నవాళ్లకు డాక్టరు సిట్జ్ బాత్ చెయ్యమన్నారంటే గోరువెచ్చని నీళ్లనే అర్థం.

ఎక్కువమంది పొరబడేది వేడి దగ్గరే. నొప్పి ఎక్కువగా ఉంది కాబట్టి నీళ్లు కూడా ఎక్కువ వేడిగా ఉండాలనుకుంటారు. ఓర్చుకోగలిగినంత వేడిలో, పళ్లు బిగబట్టి కూర్చుంటారు. పళ్లు బిగబట్టామంటేనే కింద కండరం కూడా బిగిసిందని లెక్క. 37 నుంచి 40 డిగ్రీల సెల్సియస్ సరిపోతుంది. ఒంటి వేడి కంటే కాస్త ఎక్కువ, అంతే. 50 డిగ్రీల నీళ్లలో అయితే కొద్ది నిమిషాలకే చర్మం కాలిపోతుంది, అదీ ఒంట్లో అతి సున్నితమైన చోట.

నీళ్లు కలిపే లెక్క కష్టం కాదు. మన ఇళ్లలో కుళాయి నీళ్లు మామూలు రోజుల్లో 28 డిగ్రీల చుట్టూ ఉంటాయి. ఒక లీటరు మరిగిన నీళ్లకు ఐదు లీటర్ల కుళాయి నీళ్లు కలిపితే సుమారు 40 డిగ్రీలు వస్తుంది. గిన్నెలోంచి టబ్బులోకి వచ్చేలోపు కొంత వేడి పోతుంది కాబట్టి నిజానికి 38, 39 దగ్గర ఆగుతుంది, అదీ మంచిదే. చలికాలం తెల్లవారుజామున కుళాయి నీళ్లు 20 డిగ్రీలకు దిగితే ఒకటికి మూడు పాళ్లు కలపాలి. కొలత కోసం లీటరు సీసాతో ముందు చన్నీళ్లే కొలిచి గిన్నెలో పోసి కాచుకోండి. మరిగిన నీళ్లు మాత్రం ప్లాస్టిక్ సీసాలో పోయకండి. టబ్బులోకి ముందు చన్నీళ్లు, ఆ తర్వాతే వేన్నీళ్లు పోయాలి. అలా అయితే చిందినా ఒళ్లు కాలదు, ప్లాస్టిక్కూ మెత్తబడదు.

చేత్తో బాగా కలియబెట్టి, తర్వాత మోచేతిని నీళ్లలో ముంచి చూడండి. రోజూ వేడి గిన్నెలు పట్టుకునే అరచేతికి వేడి తక్కువగా తెలుస్తుంది, మోచేతికి సరిగ్గా తెలుస్తుంది. ముంచిన చెయ్యి వెనక్కి తీసుకోబుద్ధి కాకూడదు. స్నానం నీళ్లు కొలిచే థర్మామీటరు దొరికితే ఇంకా నిశ్చింత. డయాబెటిస్ చాలా ఏళ్లుగా ఉండి కాళ్లకు తిమ్మిరి ఉన్నవాళ్లు, వెన్ను ఆపరేషన్ తర్వాత స్పర్శ తగ్గినవాళ్లు తమ మోచేతి మీద కూడా ఆధారపడకూడదు. థర్మామీటరు తప్పనిసరి, లేదంటే ఇంట్లో ఇంకొకరు చూడాలి. వాళ్లకు కాలినా నొప్పి తెలియదు, అదే ప్రమాదం.

టబ్బు సంగతికి వస్తే, వెస్టర్న్ కమోడ్ ఉన్న ఇళ్లకు దాని మీద కూర్చోబెట్టే ప్లాస్టిక్ తొట్టి మెడికల్ షాపుల్లో దొరుకుతుంది. అందులో రెండు మూడు లీటర్లే పడతాయి, కాబట్టి అరలీటరు మరిగిన నీళ్లకు రెండున్నర లీటర్ల చన్నీళ్లు చాలు. కమోడ్ లేనివాళ్లు బట్టలు నానబెట్టే వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బును శుభ్రంగా సబ్బుతో కడిగి దీనికే విడిగా ఉంచుకోవచ్చు. నేల మీది టబ్బులోంచి లేవడం పెద్దవాళ్లకు, ఆపరేషన్ అయినవాళ్లకు కష్టం. గోడ పక్కన పెట్టుకుని, పట్టుకోవడానికి బరువైన స్టూలు ఒకటి దగ్గర ఉంచుకోవాలి. కూర్చున్నాక మలద్వారం పూర్తిగా మునిగి, నీళ్లు తొడల పైభాగాన్ని తాకితే చాలు. చాలకపోతే అవే పాళ్లలో ఇంకొన్ని నీళ్లు కలుపుకోవాలి. కాళ్లు బయటే ఉండాలి. ముక్కకూడదు, గాయాన్ని వేళ్లతో రుద్దకూడదు.

పది నుంచి పదిహేను నిమిషాలు. ఎంత సడలినా ఇరవై దాటనివ్వకండి. కమోడ్ తొట్టి మీద కూర్చున్నప్పుడు పిరుదులు అంచు మీద ఆనతాయి, మధ్యభాగం ఆధారం లేకుండా వేలాడుతుంది. అలా చాలాసేపు ఉంటే ఆ భాగంలోకి రక్తం చేరి వాపు వస్తుంది, మొలలు ఉన్నవాళ్లకు మరీ. సెల్ ఫోన్ లోపలికి తీసుకెళితే పదిహేను నిమిషాలు ముప్పావుగంట అవుతుంది. నీళ్లు మధ్యలో చల్లబడితే కూర్చున్నచోటే వేన్నీళ్లు వంచుకోకూడదు. లేచి, పోసి, కలిపి, మోచేత్తో చూసి మళ్లీ కూర్చోవాలి.

రోజుకు ఎన్నిసార్లన్నదాని కంటే ఎప్పుడన్నది ముఖ్యం. నొప్పి పుట్టేది విరేచనం తర్వాత కాబట్టి ఆ వెంటనే కూర్చునే స్నానమే అన్నిటికంటే విలువైనది. ఉదాహరణకు ఉదయం ఎనిమిదింటికి బడికి బయల్దేరే టీచరమ్మను తీసుకోండి. ఆరున్నరకు విరేచనం అవుతుంది. ఆరున్నరకు నీళ్లు కాచడం మొదలుపెడితే అవి కాగేదాకా నొప్పితో నిలబడాలి. అందుకే లోపలికి వెళ్లే ముందే చన్నీళ్లు కొలిచి టబ్బులో పోసి ఉంచి, పొయ్యి మీద లీటరు నీళ్లు సన్నటి మంటకు పెట్టి, ఇంట్లో ఎవరికైనా చెప్పి వెళ్లాలి. బయటికి వచ్చాక నీళ్లతో మెల్లగా కడుక్కుని, రెండూ కలుపుకుని ఆరూ నలభైకి కూర్చుంటే ఏడులోపు అయిపోతుంది. సాయంత్రం బడి నుంచి వచ్చాక ఒకసారి, పడుకోబోయే ముందు ఒకసారి. మొత్తం మూడు. రెండోసారి విరేచనమైతే ఇంకొకటి. అంతకు మించి చేస్తే చర్మం తెల్లగా నానిపోయి దురద మొదలవుతుంది. విరేచనం తర్వాతి నొప్పి తగ్గేకొద్దీ సాయంత్రం, రాత్రి స్నానాలు మానేసి ఉదయంది మాత్రం ఇంకొన్నాళ్లు కొనసాగించవచ్చు.

లేచేటప్పుడు నెమ్మదిగా లేవాలి. వెచ్చటి నీళ్లకు రక్తనాళాలు వెడల్పై, నిలబడగానే కళ్లు తిరగవచ్చు. బీపీ మాత్రలు వేసుకునేవాళ్లకు, బాలింతలకు, ఆపరేషన్ అయిన వారంలో ఇది తరచు జరుగుతుంది. తలుపు గడియ పెట్టకుండా దగ్గరగా వేసుకుంటే చాలు. ఆ తర్వాత మెత్తటి పాత నూలు గుడ్డతో అద్దాలి, తుడవకూడదు. పూర్తిగా ఆరాకే లోదుస్తులు వేసుకోవాలి. చర్మం అరగంట తర్వాత కూడా ఎర్రగానే ఉంటే నీళ్లు ఎక్కువ వేడయ్యాయని గుర్తు. రేపు కాస్త తగ్గించండి. డాక్టరు ఆయింట్‌మెంట్ ఇచ్చి ఉంటే ఎప్పుడు రాయాలో ఆయన్నే అడగాలి, సాధారణంగా ఆరిన చర్మం మీద రాయమంటారు.

నీళ్లలో ఏం కలపాలని అందరూ అడుగుతారు. ఏమీ అక్కర్లేదు. గుప్పెడు ఉప్పు వేసుకుంటే వచ్చే నష్టమూ లేదు, గాయం మండితే మాత్రం మానేయండి. డెట్టాల్, సబ్బు, షాంపూ వద్దు, పచ్చి చీలికను అవి ఇంకా మండిస్తాయి. పెద్దవాళ్లు పొటాషియం పర్మాంగనేట్ పేరు చెబుతారు. అది డాక్టరు రాసిస్తేనే, లేత గులాబి రంగు దాటకుండా, గింజలన్నీ పూర్తిగా కరిగాకే వాడాలి. కరగని ఒక్క గింజ చర్మాన్ని తాకినా కాలుతుంది.

ఒక మాట కచ్చితంగా చెప్పాలి. మలం గట్టిగా ఉన్నంతకాలం తొట్టిలో ఎంత కూర్చున్నా గాయం రోజూ కొత్తగా చీలుతూనే ఉంటుంది. తగినన్ని నీళ్లు, ఆకుకూరలు, పప్పులు, పొట్టుతో ఉన్న ధాన్యం, డాక్టరు చెబితే ఇసబ్గోల్ ఇవన్నీ ఈ స్నానానికి తోడుండాలి. ఇలా చేస్తే కొత్తగా పడిన ఫిషర్లలో చాలా భాగం కొన్ని వారాల్లోనే మానుతాయి. ఆరు వారాలైనా మానకపోతే కండరాన్ని సడలించే పూత మందులు, అవీ పని చెయ్యకపోతే ఇంకో దారి ఉన్నాయి. అప్పుడు సర్జన్ దగ్గరికి వెళ్లాలి.

ఆరు వారాలు ఆగకూడని సందర్భాలూ ఉన్నాయి. విరేచనంతో సంబంధం లేకుండా పగలూ రాత్రీ ఒకేలా పోటు పెట్టడం, పక్కన గట్టిగా వాపు, జ్వరం, చీము, ఇవి లోపల గడ్డ కడుతోందని చెప్పే లక్షణాలు. ఆ గడ్డను వెచ్చటి నీళ్లు మాన్పవు, కోసి చీము తీయాలి. మూత్రం రాకపోవడం, మలం నల్లగా రావడం, రక్తం ధారగా పోవడం కూడా అలాంటివే. నలభై ఐదేళ్లు దాటాక మొదటిసారి రక్తం కనిపిస్తే, నొప్పి లేకపోయినా సరే, దాన్ని ఫిషర్ అనుకుని ఇంట్లో టబ్బులో కూర్చోవద్దు. పెద్దపేగు పరీక్ష చేయించుకోవడానికి డాక్టరును కలవండి.