తమ లోటును తామే గుర్తించేలా చేసే ప్రశ్నలు

సిమ్యులేషన్ శిక్షణలో నర్సింగ్ విద్యార్థులు బొమ్మ రోగికి నిజమైన రోగికి చేసినట్టే చికిత్స చేస్తారు. అది ముగిశాక శిక్షకురాలితో కూర్చుని, జరిగినదాన్ని చర్చించడమే డీబ్రీఫింగ్. తప్పుల జాబితా చదివి వినిపించడం దీని ఉద్దేశం కాదు. ఆ తప్పు వెనుక ఏ ఆలోచన ఉందో విద్యార్థి నోటే బయటికి రావాలి. అందుకే ప్రశ్నలకు ఒక వరుస ఉంటుంది.

ప్రసవానంతర రక్తస్రావం మీద పది నిమిషాల సిమ్యులేషన్‌ను ఉదాహరణగా తీసుకోవచ్చు. గర్భసంచి మెత్తగా ఉందని నలుగురు విద్యార్థులు గమనించారు. మర్దన మొదలుపెట్టారు, ఆక్సిటోసిన్ ఇచ్చారు. కానీ డాక్టర్‌కు ఫోన్ చేసింది ఆరో నిమిషంలో. అప్పటికి పరుపు మీద గుడ్డలన్నీ తడిసిపోయాయి.

మొదటి ప్రశ్న మనసు తేలికపడటానికి: "ఇప్పుడు మీకెలా అనిపిస్తోంది?" దీనికి రెండు మూడు నిమిషాలు చాలు. ఒక్కొక్కరూ ఒక్క మాటైనా చెప్పాలి. కంగారు, సిగ్గు లోపలే ఉండిపోతే తర్వాతి ప్రశ్నలన్నీ విద్యార్థికి నిందల్లాగే వినిపిస్తాయి.

రెండోది జరిగినదాని గురించి: "ఆమెకు ఏమైంది, మీరేం చేశారు? రెండు మూడు వాక్యాల్లో చెప్పండి." ఒకరు "రక్తం బాగా పోయింది" అంటే, మరొకరు "మామూలుగానే పోతోందనుకున్నాను" అనవచ్చు. అందరూ ఒకే సంఘటనను ఒకేలా చూడలేదని ఇక్కడే బయటపడుతుంది. ముందు ఆ తేడా తేలితేనే విశ్లేషణ ముందుకు సాగుతుంది.

మూడోది విశ్లేషణ. ఎక్కువ సమయం దీనికే కేటాయించాలి. "డాక్టర్‌ను ముందే ఎందుకు పిలవలేదు?" అని అడిగితే వచ్చేది సంజాయిషీ, లేదంటే మౌనం. జెన్నీ రుడాల్ఫ్, రాబర్ట్ సైమన్ తదితరులు 2006లో ప్రచురించిన వ్యాసం దీనికి వేరే దారి సూచించింది. శిక్షకురాలు తాను చూసినదాన్నీ, దానిపై తన అభిప్రాయాన్నీ దాచకుండా చెప్పి, ఆ తర్వాత నిజమైన ఆసక్తితో ప్రశ్న అడగాలి: "ఫోన్ ఆరో నిమిషంలో వెళ్లడం చూశాను. ఆలోపు ఆమె పరిస్థితి దిగజారుతుందని నాకు ఆందోళన కలిగింది. ఆ సమయంలో మీరేం ఆలోచిస్తున్నారు?"

దీనికి రాగల జవాబులు ఒకదానికొకటి పోలిక లేనివి. "అర్ధరాత్రి లేపితే డాక్టర్ కోప్పడతారని భయపడ్డాను" అనవచ్చు. "ఇంకొకరు ఫోన్ చేశారనుకున్నాను" అనవచ్చు. "పోయిన రక్తం తక్కువే అనుకున్నాను మేడమ్" అనవచ్చు. బయటికి కనిపించిన ఆలస్యం ఒక్కటే అయినా, మొదటిదానికి ధైర్యంగా చెప్పే మాటలు నేర్పాలి, రెండోదానికి పనుల పంపకం స్పష్టం కావాలి, మూడోదానికి రక్తాన్ని కొలవడం నేర్పాలి. ప్రశ్న ఆ ఆలోచన దాకా వెళ్లకపోతే శిక్షకురాలు లేని జబ్బుకు మందిచ్చినట్టే.

మూడో జవాబే వచ్చిందనుకుంటే, తర్వాతి ప్రశ్న: "తక్కువని దేన్ని బట్టి అనుకున్నారు?" విద్యార్థి కాసేపు ఆలోచించి, "ట్రేలో ఉన్నదే చూశాను, గుడ్డల్లో ఇంకినది లెక్కలోకి తీసుకోలేదు" అంటుంది. తన లోటుకు ఆమె తానే పేరు పెట్టిన క్షణం అది. తడిసిన గుడ్డలను తూచి, పొడి గుడ్డల బరువు తీసేస్తే, ఒక గ్రాముకు సుమారు ఒక మిల్లీలీటరు చొప్పున రక్తం లెక్క తేలుతుందని చెప్పడానికి అదే సరైన సమయం.

ప్రశ్న అడిగాక మౌనంగా ఉండటం చాలామంది శిక్షకులకు కష్టం. రెండు సెకన్లకే తామే జవాబు చెప్పేస్తారు. పది సెకన్ల దాకా ఆగాలి. శిక్షకురాలి గొంతే సగం కంటే ఎక్కువసేపు వినిపించినా, విద్యార్థులు ఒక్కమాట జవాబులతో ఆమె ముఖం వైపు చూస్తున్నా, వాళ్లు ఆలోచించడం మాని ఆమె మనసులోని జవాబును ఊహిస్తున్నారని అర్థం.

అన్నీ ప్రశ్నలతో రాబట్టలేం. ట్రానెగ్జామిక్ యాసిడ్‌ను ప్రసవమైన మూడు గంటలలోపే మొదలుపెట్టాలన్నది తెలిసి ఉండాల్సిన విషయం. తెలియకపోతే నేరుగా చెప్పాలి. మర్దన చేసే తీరు తప్పితే చేసి చూపించి, మళ్లీ చేయించాలి.

చివరి ప్రశ్న: "తర్వాతి సారి ఏం మారుస్తారు?" దీనికి "జాగ్రత్తగా ఉంటాను", "కమ్యూనికేషన్ మెరుగుపరుచుకుంటాను" అన్న జవాబులు చాలవు. "ఏం చూసినప్పుడు? ఎవరికి? ఏ మాటల్లో?" అని మళ్లీ అడగాలి. "గుడ్డలు తూచి, 500 మిల్లీలీటర్లు దాటితే, అంతకుముందే నాడి పెరిగినా, వెంటనే డాక్టర్‌కు ఫోన్ చేసి, రక్తం ఎంత పోయిందో అంకెతో చెబుతాను" అన్నది పనికొచ్చే జవాబు. వీలైతే మొదటి మూడు నిమిషాల ఘట్టాన్ని మళ్లీ చేయించాలి. చెప్పిన మాట చేతల్లోకి వచ్చిందో లేదో అప్పుడు తెలుస్తుంది.