చిల్లులోంచి దుప్పటి కనిపిస్తోందా?

ఇల్లు మారేటప్పుడో, అటక దులిపేటప్పుడో పాత అట్టపెట్టె ఒకటి బయటపడుతుంది. అందులో రెండు మూడు రకాల క్యాసెట్లు, గీతలు పడ్డ సీడీలు, చదరపు ఫ్లాపీ, వేలిగోరంత కార్డులు ఉంటాయి. అన్నీ మంచం మీద పరిచి ఒక ఫోటో తీసి, "ఇవేంటో కాస్త చూసి చెప్పు" అని తెలిసినవాళ్లకు వాట్సాప్‌లో పంపుతారు. చూసేవారికి చిక్కు ఇక్కడే మొదలవుతుంది. ఫోటోలో వస్తువు ఆకారం తెలుస్తుంది కానీ అసలు సైజు తెలియదు. చేతిలో పట్టుకుంటే క్షణంలో తేలే తేడా తెర మీద మాయమైపోతుంది. గుర్తుపట్టడంలో పొరబడితే అక్కర్లేని ప్లేయర్ కోసం డబ్బు పోస్తాం, లేదా పెళ్లి వీడియోను పాటల క్యాసెట్ అనుకుని పాత సామాన్లవాడికి ఇచ్చేస్తాం.

ఎక్కువ తికమక పెట్టేవి క్యాసెట్లు. మామూలు పాటల క్యాసెట్ పొడవు సుమారు 100 మిల్లీమీటర్లు, వెడల్పు 64. చేతి క్యామ్‌కార్డర్లలో వాడిన వీడియో8, హై8 క్యాసెట్ 95కి 62.5. వీహెచ్ఎస్-సీ అనే పొట్టి వీడియో క్యాసెట్ 92కి 59. పొడవును వెడల్పుతో భాగిస్తే మూడింటికీ ఒకటిన్నరకు కాస్త అటూ ఇటూగానే వస్తుంది. అంటే ఫోటోలో మూడూ ఒకే దీర్ఘచతురస్రంలా కనిపిస్తాయి. వీటి దగ్గర కొలత కన్నా చిల్లులే ఎక్కువ చెబుతాయి.

పాటల క్యాసెట్‌ను రెండు వైపులా తిప్పి వేసుకుంటాం. అందుకే చక్రాలు తిరిగే రెండు చిల్లులూ ఈ పక్క నుంచి ఆ పక్కకు తెరిచే ఉంటాయి. వీడియో క్యాసెట్‌ను ఒక్క వైపే పెట్టాలి. దాని చక్రాల చిల్లులు అడుగున మాత్రమే తెరిచి ఉంటాయి, పైన మూసి ఉంటుంది. కాబట్టి ఫోటోలో చిల్లులోంచి కింద పరిచిన దుప్పటి కనిపిస్తే అది పాటల క్యాసెట్. డాక్టర్లు, విలేకరులు మాటలు రికార్డు చేసుకున్న బుల్లి మైక్రోక్యాసెట్‌కూ ఇదే గుర్తు. దుప్పటి కనిపించకపోతే వీడియో క్యాసెట్ అని అనుమానించి, పొడుగు అంచు వైపు చూడండి. వీడియో క్యాసెట్లకు అక్కడ టేపును కప్పే మూత ఉంటుంది. యంత్రంలోకి వెళ్లాకే అది తెరుచుకుంటుంది. పాటల క్యాసెట్‌కు ఆ మూత లేదు, అంచున టేపు బయటికే కనిపిస్తుంది.

వీడియో అని తేలాక, ఏ వీడియో అన్నది చూడాలి. పెద్ద వీహెచ్ఎస్ క్యాసెట్ 187కి 103, అంటే వెడల్పుకు రెట్టింపు కన్నా కాస్త తక్కువ పొడవు. ఇంత సాగినట్టు ఉండేది ఇళ్లలో వేరే లేదు కాబట్టి ఫోటోలోనూ తెలిసిపోతుంది. మినీడీవీ 65కి 48, కొంచెం చదరంగా ఉంటుంది. మిగిలిన చిక్కు వీడియో8కీ వీహెచ్ఎస్-సీకీ మధ్య. వీడియో8 మందం 15 మిల్లీమీటర్లు, వీహెచ్ఎస్-సీ మందం దాదాపు 23. పక్క నుంచి తీసిన ఫోటో ఉంటే ఒక్క చూపులో తేలుతుంది. వీహెచ్ఎస్-సీ అంచున పళ్ల చక్రం కూడా బయటికి కనిపిస్తుంది.

ఈ తేడాతో డబ్బు ముడిపడి ఉంది. వీహెచ్ఎస్-సీ క్యాసెట్‌ను ఒక అడాప్టర్‌లో పెట్టి పాత వీసీఆర్‌లో చూడవచ్చు. వీడియో8కు అలాంటి అడాప్టర్ లేదు. టేపు వెడల్పే వేరు, ఒకదానిది 8 మిల్లీమీటర్లు, రెండోదానిది సుమారు 12.7. అది తెలియక "చిన్న క్యాసెట్‌కు అడాప్టర్" కోసం వెతికేవాళ్లు చాలామంది. వీడియో8కు దానికి సరిపోయే క్యామ్‌కార్డరో, ప్లేయరో దొరకాల్సిందే.

చిల్లు కిటుకు ఫ్లాపీకీ పనికొస్తుంది. మూడున్నర అంగుళాల ఫ్లాపీ 90కి 94 మిల్లీమీటర్లు, ఒక అంచున పక్కకు జరిగే రేకు ఉంటుంది. రేకు ఉన్న అంచుకు ఎదుటి అంచున రెండు మూలలు చూడండి. రెండింట్లోనూ చిల్లు ఉంటే అది 1.44 మెగాబైట్ల హెచ్‌డీ రకం. ఒక మూలనే ఉంటే 720 కిలోబైట్ల పాత రకం. ఆ ఒక్క చిల్లుకు జరిగే బిళ్ల ఉంటుంది. బిళ్ల జరిపి చిల్లు తెరిస్తే, అంటే దుప్పటి కనిపిస్తే, ఫ్లాపీ తాళం వేసినట్టే, కొత్తగా ఏదీ రాయలేం. జిప్ డిస్కు కూడా దూరం నుంచి ఫ్లాపీలానే ఉంటుంది కానీ మందం దాదాపు రెట్టింపు, మూలల్లో ఈ చిల్లులు ఉండవు. అంతకు ముందు తరం అయిదుంపావు అంగుళాల ఫ్లాపీకి రేకే లేదు. నల్లటి మెత్తని కవరు, మధ్యలో పెద్ద చిల్లు, దాని కింద కోలగా ఉన్న కిటికీలోంచి గోధుమ రంగు డిస్కు కనిపిస్తుంది. దీన్ని వేరే దేనితోనూ పొరబడలేం.

సీడీ, డీవీడీల దగ్గర చిల్లు ఏమీ చెప్పదు. దాదాపు అన్నిటికీ వ్యాసం 120 మిల్లీమీటర్లే, మధ్య చిల్లు 15 మిల్లీమీటర్లే. ఇక్కడ చూడాల్సింది అడుగువైపు రంగు. తెల్లటి వెండి రంగులో ఉంటే ఫ్యాక్టరీలో అచ్చు పోసిన పాటలో, సినిమానో. పచ్చగా, నీలంగా లేదా లేత బంగారు రంగులో ఉంటే ఇంట్లోనో స్టూడియోలోనో రాసిన సీడీ-ఆర్. ఊదా ఛాయ ఉంటే చాలావరకు రాసిన డీవీడీ. ముదురు బూడిద రంగైతే చెరిపి మళ్లీ రాయగల రకం. రాసిన డిస్కులో డేటా లోపలి నుంచి బయటికి నిండుతుంది కాబట్టి, వెలుతురు ఏటవాలుగా పడితే ఎంతవరకు రాశారో ఛాయ తేడా గీతలా కనిపిస్తుంది. ఆ గీత ఉందంటే అది ఖాళీ డిస్కు కాదు. రంగు మీద పూర్తిగా ఆధారపడకూడదు కూడా. ట్యూబ్‌లైటు వెలుగులో ఛాయలు మారిపోతాయి. మొదటి ప్లేస్టేషన్ ఆటల డిస్కులు అచ్చు పోసినవే అయినా అడుగు నల్లగా ఉంటుంది.

మెమరీ కార్డుల్లో ఎక్కువగా ఎదురయ్యేది ఎస్‌డీ కార్డు, 24కి 32. ఒక మూల కోసినట్టు ఉంటుంది, ఎడమ అంచున తాళం బిళ్ల ఉంటుంది. దాని ముందు వచ్చిన ఎంఎంసీ కొలతా ఇదే, కానీ బిళ్ల ఉండదు, వెనక బంగారు రేకులు ఎస్‌డీకి 9 అయితే దీనికి 7. సోనీ కెమెరాల మెమరీ స్టిక్ డ్యుయో 20కి 31, సన్నగా కనిపిస్తుంది, మూల కోత ఉండదు. ఇక్కడ తరచూ మోసపోయేది ఇంకో చోట. ఫోటోలో ఎస్‌డీలా ఉన్నది నిజంగా కార్డు కాకపోవచ్చు, మైక్రోఎస్‌డీని పెట్టే ఖాళీ తొడుగు కావచ్చు. కింది అంచున సన్నటి నోరు తెరిచి ఉంటే అది తొడుగే, అందులో ఫోటోలేమీ ఉండవు. అసలు కార్డు వేరే ఎక్కడో ఉంటుంది.

ఇప్పుడు ఒక ఫోటోను మొదటి నుంచి చూద్దాం. దుప్పటి మీద ఒక సీడీ, మూడు క్యాసెట్లు, ఒక కార్డు ఉన్నాయి అనుకుందాం. సైజు తెలియదన్న చిక్కును ఆ సీడీయే తీరుస్తుంది. సీడీ వ్యాసం 120 మిల్లీమీటర్లని మనకు ముందే తెలుసు కదా. ఫోటో ఎడిటింగ్ యాప్‌లో కొలిస్తే సీడీ 600 పిక్సెళ్లు వచ్చింది. అంటే మిల్లీమీటరుకు 5 పిక్సెళ్లు. మొదటి క్యాసెట్ 500కి 320, అయిదుతో భాగిస్తే 100కి 64, చిల్లుల్లో దుప్పటి కనిపిస్తోంది. పాటల క్యాసెట్. రెండోది 325కి 240, అంటే 65కి 48. మినీడీవీ. కార్డు 155కి 100, అంటే 31కి 20. మెమరీ స్టిక్ డ్యుయో, కాబట్టి ఇంట్లో ఎప్పుడో సోనీ కెమెరా ఉండేది.

మూడో క్యాసెట్ దగ్గర లెక్క ఆగిపోతుంది. అది 472 పిక్సెళ్లు, అంటే 94 మిల్లీమీటర్ల పైచిలుకు. వీడియో8 అని చెప్పేయాలనిపిస్తుంది. కానీ మందంగా ఉన్న వస్తువు పైభాగం కెమెరాకు దగ్గరగా ఉంటుంది కాబట్టి ఫోటోలో కొంచెం పెద్దగా పడుతుంది. 23 మిల్లీమీటర్ల మందమున్న వీహెచ్ఎస్-సీ 92 మిల్లీమీటర్లదే అయినా ఇలా 94, 95 లా కనిపించవచ్చు. ఈ చిన్న తేడాను పైనుంచి తీసిన ఫోటో తేల్చలేదు. పక్క నుంచి తీసిన ఇంకో ఫోటో అడగాల్సిందే. మొదటి ఫోటోలో సీడీ గుండ్రంగా కాక కోలగా కనిపిస్తే కెమెరాను వంచి తీశారని అర్థం, అప్పుడు ఏ కొలతనూ నమ్మకూడదు.

లోపల ఏముందో మాత్రం ఆకారం చెప్పదు. డిజిటల్8 క్యామ్‌కార్డర్లు హై8 క్యాసెట్ మీదే డిజిటల్ వీడియో రాసేవి. క్యాసెట్ పైన ఈ-180 అని ఉంటే పాల్ పద్ధతి దేశాల కోసం, టీ-120 అని ఉంటే అమెరికా వంటి ఎన్‌టీఎస్‌సీ దేశాల కోసం అమ్మిన వీహెచ్ఎస్ టేపు. అమెరికా నుంచి బంధువులు పంపిన పుట్టినరోజు వీడియో మన పాత వీసీఆర్‌లో సరిగా ఆడలేదంటే కారణం ఇదే కావచ్చు. కానీ ఖాళీ టేపును ఎక్కడైనా రికార్డు చేయవచ్చు కనుక ఇదీ సూచనే, సాక్ష్యం కాదు. సీడీ అయితే కంప్యూటర్‌లో తెరిచి చూస్తే చాలు. MPEGAV అనే ఫోల్డర్ ఉంటే వీసీడీ, VIDEO_TS ఉంటే డీవీడీ వీడియో.

కాబట్టి పెట్టె ఫోటో పంపేటప్పుడు అన్నీ గుట్టగా పోసి ఒకటే తీయకండి. ఒక్కోదాన్ని పైనుంచి, అడుగు నుంచి, పక్క నుంచి తీయండి. పక్కన ఒక సీడీ గానీ స్కేలు గానీ పెట్టండి, కింద రంగు దుప్పటి పరచండి. క్యాసెట్ కిటికీలో టేపు చుట్ట మీద తెల్లటి పొడి కనిపిస్తే అది బూజు. దాన్ని ఏ ప్లేయర్‌లోనూ వేయకండి. శుభ్రం చేయించాకే ఆడించాలి.