చర్మం కింది చక్కెర లెక్క

కంటిన్యువస్ గ్లూకోజ్ మానిటర్‌ను వాడుకలో సీజీఎం అంటారు. షుగరు చూసే పరికరమే అయినా ఇది కొలిచేది రక్తాన్ని కాదు. జబ్బ వెనక వైపునో, పొట్ట మీదో అతికించే పెద్ద నాణెమంత సెన్సార్ ఇది. అతికించేటప్పుడు ఒక సూది చర్మంలోకి దిగి, వెంట్రుకలాంటి మెత్తని తీగను లోపల వదిలి, తాను బయటికి వచ్చేస్తుంది. దాదాపు అర సెంటీమీటరు లోతున, కణాల మధ్య ఊరే ద్రవంలో ఆ తీగ ఉండిపోతుంది. రకాన్ని బట్టి పది నుంచి పదిహేను రోజుల తర్వాత సెన్సార్‌ను తీసేసి కొత్తది పెట్టుకోవాలి.

చాలా సెన్సార్లలో ఈ తీగ కొసన గ్లూకోజ్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ పూత ఉంటుంది. ద్రవంలోని గ్లూకోజు దీన్ని తాకినప్పుడు జరిగే రసాయన చర్య వల్ల అతి స్వల్పమైన విద్యుత్తు పుడుతుంది. గ్లూకోజు ఎక్కువైతే విద్యుత్తు పెరుగుతుంది, తక్కువైతే తగ్గుతుంది. పైనున్న చిన్న యంత్రం ఆ విద్యుత్తును అంకెగా మార్చి ఫోనుకు పంపుతుంది. ఎంజైమ్‌తో గ్లూకోజును కొలవాలన్న ఆలోచన కొత్తదేమీ కాదు. 1962లోనే అమెరికాలో లీలండ్ క్లార్క్, చాంప్ లయన్స్ దాన్ని ప్రతిపాదించారు. గ్లూకోమీటర్ స్ట్రిప్పులు పనిచేసేదీ ఇలాంటి సూత్రం మీదే. తేడా ఏమిటంటే స్ట్రిప్పు ఒక్కసారితో అయిపోతుంది, సెన్సార్ మాత్రం రాత్రింబగళ్లు చూస్తూనే ఉంటుంది. అయిదు నిమిషాలకు ఒక రీడింగ్ చొప్పున లెక్కేసినా రోజుకు 288 వస్తాయి.

రక్తాన్ని కాకుండా ద్రవాన్ని కొలవడం వల్ల ఒక చిక్కుంది. తిన్న అన్నంలోని గ్లూకోజు ముందు రక్తంలోకి చేరుతుంది, అక్కడి నుంచి కణాల మధ్య ద్రవంలోకి ఊరుతుంది. ఇందుకు అయిదు నుంచి పది నిమిషాలు, ఒక్కోసారి ఇంకాస్త ఎక్కువ పడుతుంది. షుగరు నిలకడగా ఉన్నప్పుడు ఈ ఆలస్యం కనబడదు. వేగంగా మారుతున్నప్పుడే తేడా వస్తుంది. ఒకరు చురుగ్గా నడుస్తుండగా రక్తంలో షుగరు నిమిషానికి 2 మిల్లీగ్రాముల చొప్పున పడిపోతోందనుకుందాం. సెన్సార్ పది నిమిషాలు వెనకబడితే, రక్తంలో 68 ఉన్నప్పుడు అది ఇంకా 88 దగ్గరే ఉంటుంది. ఫోనులో అంకె బాగానే ఉంది, మనిషికి మాత్రం చెమటలు పడుతుంటాయి, చేతులు వణుకుతుంటాయి.

లేవడంలోనూ ఇంతే. షుగరు తగ్గిందని 15 గ్రాముల గ్లూకోజు నీళ్లలో కలుపుకొని తాగితే రక్తంలో త్వరగానే పెరుగుతుంది, ఫోను మాత్రం కాసేపు తక్కువే చూపిస్తుంది. ఆ అంకెకు భయపడి మళ్లీ మళ్లీ తాగితే గంట తర్వాత షుగరు 250 దాటిపోతుంది. తాగిన పావుగంటకు వేలి రక్తం తీసి చూసుకోవడమే సరైన పద్ధతి.

వేలి పరీక్షకు ఉన్న బలం ఇదే: అది ఆ క్షణంలో రక్తం చెప్పే సంగతి. దానికీ లోపాలున్నాయి. మామిడిపండు ఒలిచిన చేతిని కడగకుండా వేలిని గుచ్చితే, చర్మానికి అంటిన తీపి స్ట్రిప్పులోకి వెళ్లి అంకె అమాంతం పెరుగుతుంది. స్ట్రిప్పుల గడువు దాటినా, డబ్బా మూత సరిగ్గా పెట్టక తేమ తగిలినా నమ్మడానికి లేదు. అన్నీ సక్రమంగా ఉన్నా, 100 దాటిన రీడింగుల్లో 15 శాతం వరకు తేడాను ప్రమాణాలే అనుమతిస్తాయి. ప్రయోగశాల పరీక్షతో పోలిస్తే నేటి సెన్సార్ల సగటు తేడా 8 నుంచి 10 శాతం దాకా ఉంటుంది. అందుకే సెన్సార్ 152, గ్లూకోమీటర్ 141 చూపిస్తే రెండింటిలో ఒకటి చెడిపోయిందని అనుకోనక్కర్లేదు.

వేలి పరీక్ష బలహీనతంతా అది చూడని గంటల్లో ఉంది. మెట్‌ఫార్మిన్‌తో పాటు గ్లిమెపిరైడ్ మాత్ర వేసుకునే ఒక యాభై ఎనిమిదేళ్ల మనిషిని ఊహించుకుందాం. పరగడుపున 118, మధ్యాహ్నం భోజనమైన రెండు గంటలకు 165. చీటీ మీద రెండూ బాగున్నాయి. సెన్సార్ పెట్టాక వేరే బొమ్మ వచ్చింది. ఉదయం ఇడ్లీలు తిన్న గంటకు షుగరు 240కి ఎక్కుతోంది, రాత్రి భోజనం తర్వాత పడుకునే దాకా 200 పైనే ఉంటోంది, తెల్లవారుజామున మూడింటికి 58కి జారుతోంది. నిద్రలో పడి, నిద్రలోనే లేచే ఆ పతనం పరగడుపు పరీక్షకు దొరకదు.

ఇలా వచ్చే వందల అంకెలను ఒక్క చూపులో అర్థం చేసుకోవడానికి పుట్టిన కొలతే టైమ్ ఇన్ రేంజ్. షుగరు డెసిలీటరుకు 70 నుంచి 180 మిల్లీగ్రాముల మధ్య రోజులో ఎంతసేపు ఉందో అది చెబుతుంది. 2019లో అంతర్జాతీయ నిపుణులు కుదుర్చుకున్న లక్ష్యాల ప్రకారం, టైప్ 1, టైప్ 2 డయాబెటిస్ ఉన్న పెద్దల్లో ఎక్కువమందికి ఇది 70 శాతం దాటాలి. అంటే రోజులో దాదాపు 17 గంటలు. 70 కంటే కింద ఉండే సమయం 4 శాతం లోపు, అంటే గంట కూడా మించకూడదు. 54 కంటే కింద 1 శాతం, అంటే పావుగంట కూడా ఉండకూడదు. వృద్ధులకు, షుగరు పడిపోతే ప్రమాదం ఎక్కువున్నవారికి లక్ష్యం 50 శాతమే, కానీ 70 కంటే కింద సమయం 1 శాతం లోపే ఉండాలి. గర్భిణులకు పరిధే వేరు, 63 నుంచి 140.

పై మనిషి రెండు వారాల లెక్క సగటున రోజుకు ఇలా తేలిందనుకుందాం: పరిధిలో 15 గంటల 36 నిమిషాలు, పైన 7 గంటల 12 నిమిషాలు, కింద గంటా 12 నిమిషాలు. శాతాల్లో 65, 30, 5. చూడగానే 30 శాతం మీదికి కళ్లు పోతాయి, మందు పెంచాలనిపిస్తుంది. ముందు సరిచేయాల్సింది మాత్రం ఆ 5 శాతాన్నే. గ్లిమెపిరైడ్ షుగరును మరీ కిందికి లాగగలదు కాబట్టి డాక్టరు మొదట దాని మోతాదునో, వేసుకునే వేళనో మార్చడం గురించి ఆలోచిస్తారు. ఉదయపు ఎగుడును పలహారం మార్చి తగ్గించవచ్చు.

మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ ఈ సంగతి పట్టివ్వదు. రోజంతా 120, 180 మధ్య తిరిగినవారికీ, 50కి పడి 280కి లేచినవారికీ సగటు ఒక్కటే రావచ్చు. పైగా రక్తహీనత ఉంటే ఆ పరీక్ష తప్పుదారి పట్టించగలదు. టైమ్ ఇన్ రేంజ్‌కు ఆ బెడద లేదు, అయితే కనీసం 14 రోజుల లెక్క కావాలి, అందులోనూ 70 శాతం సమయమైనా సెన్సార్ పనిచేసి ఉండాలి.

సెన్సార్ తానే పొరబడే సందర్భాలూ ఉన్నాయి. పెట్టిన మొదటి రోజు అంకెలు అటూఇటూ కావచ్చు. ఎక్కువ మోతాదు విటమిన్ సి కొన్ని రకాల్లో రీడింగును పెంచి చూపిస్తుంది. అన్నిటికంటే ఎక్కువగా కంగారు పెట్టేది, సెన్సార్ ఉన్న చేతి మీద ఒత్తిగిలి పడుకున్నప్పుడు వచ్చే దొంగ పతనం. బరువు పడిన చోట ద్రవం కదలిక తగ్గి, అర్ధరాత్రి ఫోను అలారం మోగుతుంది. దీన్ని గుర్తుపట్టవచ్చు: గీత నిట్టనిలువుగా పడుతుంది, పక్కకు తిరగ్గానే అంతే వేగంగా లేస్తుంది, వేలి పరీక్షలో షుగరు మామూలుగా ఉంటుంది. పైన చెప్పిన మనిషి మూడు గంటల పతనం అలాంటిదేనా అన్నది కూడా ఒకటి రెండు రాత్రులు ఆ వేళకు వేలి రక్తం చూశాకే తేల్చుకోవాలి, మందు మార్చడం ఆ తర్వాతే.

సెన్సార్ పెట్టుకున్నవారు పాత గ్లూకోమీటర్‌ను పారేయవద్దు. గడువు దాటని స్ట్రిప్పులతో సహా మంచం పక్కనే ఉంచుకోండి.